కొత్త మిషనా, పాత మిషనా? పేబ్యాక్, ఆర్‌ఓఐ, ఐఆర్‌ఆర్ లెక్కలు వేసి తేల్చుకోవడం ఎలా

మిషన్ కొందామని కాగితం పట్టుకుని వెళ్తే ఓనర్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పెట్టిన డబ్బు ఎన్నాళ్లలో వెనక్కొస్తుంది?" భాగస్తుడు ఉంటే ఆయన "మొత్తం మీద ఎంత మిగులుతుంది?" అంటాడు. అకౌంట్లు చూసే ఆయన మాత్రం "ఐఆర్‌ఆర్ ఎంత వేశారు?" అని అడుగుతాడు. ఈ మూడింటికీ జవాబు చెప్పే కొలతలే పేబ్యాక్ పీరియడ్, పెట్టుబడిపై రాబడి అంటే ఆర్‌ఓఐ, అంతర్గత రాబడి రేటు అంటే ఐఆర్‌ఆర్. మూడూ ఒకే మాట చెప్పినప్పుడు ఇబ్బందేమీ లేదు. ఒకటి కొత్త మిషన్ వైపు, మరొకటి పాత మిషన్ వైపు చూపించినప్పుడే చిక్కు. అలాంటి ఉదాహరణ ఒకటి తీసుకుని మొదటినుంచి లెక్క వేద్దాం.

హైదరాబాద్ బాలానగర్‌లో ఉండేలాంటి చిన్న మెషిన్ షాపు ఒకటి అనుకోండి. పంపులకు వెళ్లే స్టీలు స్లీవులు నెలకు 2,000 కావాలి. టర్నింగ్ పని బయట సీఎన్‌సీ లేత్ ఉన్నవాళ్లకు ఇస్తున్నారు. ముక్కకు 50 రూపాయల జాబ్‌వర్క్ చొప్పున నెలకు లక్ష, ఏడాదికి 12 లక్షలు బయటికి పోతున్నాయి. సొంతంగా సీఎన్‌సీ లేత్ పెట్టుకుందామని ఆలోచన. రెండు దారులున్నాయి: కొత్తది కొనడం, లేదా సెకండ్ హ్యాండ్ కొనడం. అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవే. మీ కొటేషన్లు, మీ రేట్లు వేసుకుంటే ఇదే పద్ధతి మీ షాపుకూ నడుస్తుంది.

మొదటి మెట్టు: డబ్బు రాకపోకలు రాసుకోండి

ఐఆర్‌ఆర్ తప్పొచ్చిందంటే చాలాసార్లు తప్పు ఫార్ములాలో ఉండదు, అందులోకి వెళ్లిన అంకెల్లో ఉంటుంది. అందుకే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

ముందు మొదటిరోజు ఖర్చు. కొత్త లేత్ కొటేషన్ 20 లక్షలు. కానీ కొటేషన్ ధర వేరు, మిషన్ మొదటి ముక్క తీసేసరికి అయ్యే ఖర్చు వేరు. లారీ కిరాయి, దింపడానికి హైడ్రా క్రేన్, ఫౌండేషన్, స్టెబిలైజర్, మన ముక్కకు సరిపడా చక్ జాలు, టూల్ హోల్డర్లు కలిపి మరో 2 లక్షలు. మొత్తం 22 లక్షలు. మిషన్ ధరపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. మీరు కట్టాల్సిన జీఎస్‌టీలో ఇన్‌పుట్ క్రెడిట్‌గా అది సర్దుబాటవుతుంటే ఖర్చులో కలపక్కర్లేదు. అయితే 20 లక్షల మీద 3.6 లక్షలు ముందు చేతినుంచి వెళ్తాయి, సర్దుబాటయ్యే దాకా ఆ సొమ్ము ఇరుక్కుపోతుంది. ప్రతిపాదనలో ఆ సంగతి ఒక వాక్యంలో రాసిపెట్టండి.

పాత మిషన్ ధర 8.5 లక్షలు. స్పిండిల్ బేరింగులు, బాల్ స్క్రూ మరమ్మతు, రవాణా కలిపి ఇంకో 1.5 లక్షలు. మొత్తం 10 లక్షలు.

తర్వాత ఏడాదికి మిగిలేది. కొత్త మిషన్‌పై ఆపరేటర్ జీతం 2.4 లక్షలు, ఇన్సర్టులు, కూలెంట్ 1.6 లక్షలు, కరెంటు 1.2 లక్షలు, మెయింటెనెన్స్ 0.8 లక్షలు, వెరసి 6 లక్షలు. బయటికి పోయే 12 లక్షలు ఆగాయి కాబట్టి ఏటా 6 లక్షలు మిగులు. పాతదానిపై సైకిల్ టైమ్ ఎక్కువ. అదే పని పూర్తికావాలంటే ఓవర్‌టైమ్ చేయించాలి, కాబట్టి ఆపరేటర్ ఖర్చు 2.9 లక్షలు. ఇన్సర్టులు, కూలెంట్ 1.8, కరెంటు 1.3, మెయింటెనెన్స్ 1.5, అదనంగా వచ్చే రిజెక్షన్లకు 0.5. మొత్తం 8 లక్షలు, మిగులు 4 లక్షలు.

చివరగా ఆయుష్షు. కొత్తది 8 ఏళ్లు పనిచేసి 4 లక్షలకు అమ్ముడవుతుందనీ, పాతది 4 ఏళ్లు నడిచి 1.5 లక్షలకు పోతుందనీ వేసుకుందాం.

ఈ మెట్టులో కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పులు మూడు. ఏడాది మిగులులోంచి తరుగుదల తీసేస్తారు. తరుగుదల పుస్తకంలో రాసే ఖర్చు, చేతినుంచి పోయే డబ్బు కాదు. పేబ్యాక్‌కు గానీ ఐఆర్‌ఆర్‌కు గానీ అది రాకూడదు. బ్యాంకు వడ్డీని కూడా తీసేస్తారు. ఐఆర్‌ఆర్‌ను చివర్లో లోన్ రేటుతో పోల్చబోతున్నాం కదా, ఇక్కడ కూడా తీస్తే వడ్డీని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. మూడోది, ఎలాగూ జీతం తీసుకుంటూ ఖాళీగా ఉన్న మనిషి జీతాన్ని కొత్త మిషన్ ఖాతాలో వేయడం. మిషన్ కొన్నందువల్ల కొత్తగా వచ్చే ఖర్చు, కొత్తగా ఆగే ఖర్చు మాత్రమే లెక్కలోకి వస్తాయి.

ఆదాయపు పన్నును ఈ మొదటి లెక్కలో పక్కన పెడుతున్నాను. మిషన్ మీద తరుగుదల చూపించడం వల్ల పన్ను తగ్గుతుంది, మిగులు మీద పన్ను పడుతుంది. రెండూ కలిసి రేట్లను కొంత మారుస్తాయి. ఆ సవరణ మీ ఆడిటర్‌తో కూర్చుని చేయించుకోండి.

రెండో మెట్టు: పేబ్యాక్

పెట్టుబడిని ఏడాది మిగులుతో భాగిస్తే చాలు. కొత్తది 22ను 6తో భాగిస్తే 3.67, అంటే సుమారు 3 ఏళ్ల 8 నెలలు. పాతది 10ని 4తో భాగిస్తే రెండున్నరేళ్లు. ఏటా మిగులు ఒకేలా లేకపోతే భాగించకూడదు. ఒక్కో ఏడాది మిగులు కూడుకుంటూ వెళ్లి పెట్టుబడి తీరిన నెల దగ్గర ఆగాలి.

ఈ కొలత ప్రకారం పాత మిషనే మేలు. చిన్న షాపు ఓనర్ దీన్ని నమ్ముకోవడం తెలివితక్కువేమీ కాదు. ఆర్డర్ ఇచ్చే కంపెనీ రెండేళ్ల తర్వాత ఉంటుందో లేదో తెలియనప్పుడు, అసలు తొందరగా చేతికి రావడమే ముఖ్యం. కానీ అసలు తిరిగొచ్చిన మర్నాటినుంచి జరిగేది పేబ్యాక్‌కు కనపడదు. కొత్తది అసలు తీర్చాక ఇంకా నాలుగేళ్ల పైచిలుకు సంపాదిస్తుంది, పాతది ఏడాదిన్నరే. ఆ తేడా ఈ అంకెలో ఎక్కడా లేదు.

మూడో మెట్టు: ఆర్‌ఓఐ

ఇక్కడ జాగ్రత్త, ఎందుకంటే ఒకే పేరుతో కనీసం మూడు లెక్కలు తిరుగుతున్నాయి.

మొత్తం కాలానికి వేసే లెక్కలో కొత్తది 8 ఏళ్లలో 48 లక్షలు, అమ్మకంలో 4 లక్షలు, వెరసి 52 తెస్తుంది. పెట్టిన 22 పోను 30 లాభం. 30ని 22తో భాగిస్తే 136 శాతం. పాతది 16కు 1.5 కలిపి 17.5 తెస్తుంది, లాభం 7.5, అంటే 75 శాతం. కొత్తదే గెలిచింది.

ఏడాది లెక్కకు మార్చి చూడండి. 136ను 8తో భాగిస్తే 17 శాతం, 75ను 4తో భాగిస్తే 18.75 శాతం. ఇప్పుడు పాతది గెలిచింది. మిషన్లు మారలేదు, అంకెలు మారలేదు, భాగించిన తీరు మాత్రమే మారింది.

మూడోది సగటు పెట్టుబడిపై వేసే లెక్క. కొత్త మిషన్‌లో మొదట 22 లక్షలు, చివర 4 లక్షలు ఇరుక్కుని ఉంటాయి కాబట్టి సగటు 13. తరుగుదల పోను ఏడాది లాభం 3.75 లక్షలు. 3.75ను 13తో భాగిస్తే 28.8 శాతం. అదే మిషన్‌కు 17, 28.8, 136 అని మూడు అంకెలు. ఏదీ అబద్ధం కాదు. మిషన్ అమ్మేవాళ్ల బ్రోచర్లో పెద్దక్షరాలతో ఆర్‌ఓఐ కనిపించినప్పుడు, అది ఎన్నేళ్లకు, ఏ పెట్టుబడి మీద వేశారో అడగండి. మీ ప్రతిపాదనలో ఆర్‌ఓఐ రాస్తే దాని కిందే లెక్క వేసిన తీరు కూడా రాయండి. అది రాయకుండా అంకె ఒక్కటే ఇవ్వడంకన్నా అసలు ఇవ్వకపోవడమే నయం అని నా అభిప్రాయం.

ఆర్‌ఓఐలో ఇంకో లోపం ఉంది. మొదటి ఏడాది వచ్చే 6 లక్షలనూ ఎనిమిదో ఏడాది వచ్చే 6 లక్షలనూ అది సమానంగా చూస్తుంది. ఇవాళ చేతికొచ్చిన రూపాయిని వడ్డీకి తిప్పుకోవచ్చు, ఎనిమిదేళ్ల తర్వాత వచ్చే రూపాయిని తిప్పలేం. కాలానికి వెల కట్టే పని ఐఆర్‌ఆర్ చేస్తుంది.

నాలుగో మెట్టు: ఐఆర్‌ఆర్

నిర్వచనం వింటే భయపడతారు గానీ విషయం తేలికే. 22 లక్షలు అప్పు తెచ్చి మిషన్ కొన్నారు, మిషన్ తెచ్చే మిగులు తప్ప మరే డబ్బూ ఆ అప్పుకు కట్టరు అనుకోండి. ఎంత వడ్డీ రేటు దగ్గర ఎనిమిదో ఏడాది చివరి రూపాయితో అప్పు సరిగ్గా తీరిపోతుందో, ఆ రేటే ఐఆర్‌ఆర్. వడ్డీ అంతకంటే ఎక్కువైతే అప్పు మిగిలిపోతుంది, తక్కువైతే మీకు మిగులుతుంది.

చేత్తో వేయాలంటే రేట్లు వేసి చూడటమే దారి. 22 శాతం దగ్గర ఎనిమిదేళ్ల మిగుళ్లనూ అమ్మకం సొమ్మునూ ఈరోజు విలువకు తెస్తే 22.53 లక్షలు వస్తుంది, అంటే పెట్టినదానికన్నా కాస్త ఎక్కువ. 23 శాతం దగ్గర 21.87, కాస్త తక్కువ. కాబట్టి జవాబు ఈ రెండింటి మధ్య, 22.8 శాతం దగ్గర ఉంది. మన ఊళ్లలో చెప్పుకునే భాషలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి కాస్త తక్కువ.

ఆ రేటు ఎంత బరువో మొదటి ఏడాది చూస్తేనే తెలుస్తుంది. 22 లక్షలపై 22.8 శాతం అంటే వడ్డీ సుమారు 5 లక్షలు. మిషన్ తెచ్చిన 6 లక్షల్లో 5 వడ్డీకే పోయి, అసలులో లక్షే తగ్గుతుంది. ఏటేటా వడ్డీ వాటా తగ్గి అసలు వాటా పెరిగి, ఎనిమిదో ఏడాదికి లెక్క సున్నా అవుతుంది.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఇది క్షణం పని. మొదటి వరుసలో శీర్షికలు పెట్టి, రెండో వరుస నుంచి సంవత్సరం 0 మొదలుపెట్టి ఇలా వేయండి. అంకెలు లక్షల్లో ఉన్నాయి.

```
సంవత్సరం  కొత్త(B)  పాత(C)  తేడా(D)
0         -22      -10     -12
1           6        4       2
2           6        4       2
3           6        4       2
4           6        5.5     10.5
5           6                2
6           6                2
7           6                2
8          10                4.5
```

```
=IRR(B2:B10)
=IRR(C2:C6)
=IRR(D2:D10)
=NPV(12%,B3:B10)+B2
```

మొదటిది 22.8 శాతం, రెండోది 25.3 శాతం చూపిస్తుంది. D కాలమ్ సంగతి కాసేపట్లో చెప్తాను. సంవత్సరం 0 దగ్గర మైనస్ గుర్తు మరిచిపోతే `#NUM!` వస్తుంది. నెలవారీ అంకెలు వేస్తే వచ్చే రేటు కూడా నెలకే. దాదాపు 2 శాతం అని చూసి మిషన్ పనికిరాదనుకోకండి, దాన్ని ఏడాదికి మార్చాలి. NPV వాడేటప్పుడు సంవత్సరం 0 అంకెను బ్రాకెట్ బయట కలపాలి, ఎందుకంటే ఆ ఫంక్షన్ లోపల వేసిన మొదటి అంకెను ఏడాది చివర్లో వచ్చినట్టు తీసుకుంటుంది.

ఐదో మెట్టు: మూడూ గొడవపడితే

పేబ్యాక్ పాతదానికి ఓటు వేసింది. ఐఆర్‌ఆర్ కూడా పాతదానికే. మొత్తం ఆర్‌ఓఐ ఒక్కటే కొత్తదానికి. రెండు ఓట్లు వచ్చాయని పాతది కొనేయాలా?

ఐఆర్‌ఆర్ ఒక రేటు. ఎంత సొమ్ము మీద, ఎన్నేళ్లపాటు ఆ రేటు వస్తుందో అది చెప్పదు. 10 లక్షల మీద నాలుగేళ్లు 25.3 శాతం ఒక సంగతి, 22 లక్షల మీద ఎనిమిదేళ్లు 22.8 శాతం మరొక సంగతి. కాబట్టి ఏ రేటు పెద్దదని అడగడం తప్పు ప్రశ్న. అడగవలసింది ఇది: పాతదానికి బదులు కొత్తది కొనడానికి పెట్టే అదనపు సొమ్ము తనంతట తాను ఎంత సంపాదిస్తుంది?

D కాలమ్ ఆ తేడానే. కాలాలు సమానం కావాలి కాబట్టి నాలుగేళ్ల తర్వాత మళ్లీ అలాంటి పాత మిషనే, అదే 10 లక్షలకు కొన్నామని వేసుకోవాలి. ఈరోజు కొత్తదానికి 12 లక్షలు ఎక్కువ పెడతాం. బదులుగా ఏటా 2 లక్షలు ఎక్కువ మిగులుతుంది. నాలుగో ఏడాది అంకె పెద్దగా కనిపించడానికి కారణముంది. ఆ ఏడాది కొత్తది 6 తెస్తుంది. పాతదారిలో మిగులు 4, పాత మిషన్ అమ్మకం 1.5 వచ్చినా మరో మిషన్‌కు 10 పోతుంది, అంటే నికరంగా 4.5 లక్షలు చేతినుంచి పోతుంది. రెండింటి మధ్య తేడా 10.5. ఎనిమిదో ఏడాది కొత్తదారిలో 10, పాతదారిలో 5.5, తేడా 4.5.

ఈ కాలమ్ ఐఆర్‌ఆర్ దాదాపు 20.9 శాతం. బ్యాంకు లోన్ 12 శాతానికి దొరుకుతుందనుకుంటే, అదనంగా పెట్టే 12 లక్షలు లోన్ రేటుకన్నా దాదాపు 9 శాతం ఎక్కువ తెస్తున్నాయి. ఆ 12 లక్షలు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు మీ షాపులో లేకపోతే, కొత్త మిషనే సరైన ఎంపిక. NPV కూడా అదే చెబుతుంది. 12 శాతం దగ్గర కొత్తది 9.4 లక్షలు, పాతది వెంటవెంటనే రెండుసార్లు కొన్నా 5.1 లక్షలే.

ఈ లెక్క ఒక షరతు మీద నిలబడి ఉంది: నాలుగేళ్ల తర్వాత అంత మంచి పాత మిషన్ అదే ధరకు దొరకాలి. పాత మిషన్ల ధరలు అప్పటికి బాగా పడిపోతాయని మీకు గట్టి నమ్మకముంటే 10 బదులు 7 వేసి చూడండి. తేడా ఎంత తగ్గుతుందో అక్కడికక్కడే కనిపిస్తుంది.

ఆరో మెట్టు: ఆర్డర్ తగ్గితే?

ఇప్పటిదాకా వేసినదంతా నెలకు 2,000 ముక్కల మీద. అది 1,500కు పడిందనుకోండి. అప్పుడు బయటికి పోవలసిన జాబ్‌వర్క్ ఏడాదికి 9 లక్షలే, కాబట్టి ఆగే ఖర్చూ 9 లక్షలే. ఇన్సర్టులు, కరెంటు ముక్కలతో పాటు తగ్గుతాయి, కానీ ఆపరేటర్ జీతం, మెయింటెనెన్స్ తగ్గవు. కొత్త మిషన్ ఖర్చు 5.3 లక్షలకు దిగి, మిగులు 3.7 లక్షలే అవుతుంది. ఆర్డర్ నాలుగో వంతు తగ్గితే మిగులు అంతకంటే చాలా ఎక్కువ, ఏకంగా 38 శాతం తగ్గిందన్నమాట.

అప్పుడు పేబ్యాక్ 3 ఏళ్ల 8 నెలల నుంచి దాదాపు ఆరేళ్లకు జరుగుతుంది. ఐఆర్‌ఆర్ 9.5 శాతం దగ్గర పడుతుంది, అంటే లోన్ రేటు కిందికి. పాత మిషన్ గతి ఇంకా అన్యాయం. ఓవర్‌టైమ్ అక్కర్లేకపోయినా మెయింటెనెన్స్ తినేసి మిగులు 2.4 లక్షలే ఉంటుంది. పేబ్యాక్ నాలుగేళ్లు దాటుతుంది, అప్పటికి మిషన్ ఆయుష్షే అయిపోతుంది. అమ్మిన సొమ్ము కలిపితే ఐఆర్‌ఆర్ 4 శాతం. మామూలు లెక్కలో ఎక్కువ ఐఆర్‌ఆర్ చూపించిన మిషనే, చెడ్డకాలంలో ముందు మునిగింది. పేబ్యాక్ తక్కువ కాబట్టి పాతదానిలో రిస్కు తక్కువ అనే మాట ఇక్కడ నిలబడలేదు.

ఇక్కడినుంచి వెనక్కి లెక్కవేస్తే, కొత్త మిషన్ లోన్ రేటు 12 శాతాన్నయినా అందుకోవాలంటే ఏడాదికి కనీసం 4.1 లక్షలు మిగలాలి. దానికి నెలకు దాదాపు 1,590 ముక్కలు కావాలి. ఈ ఒక్క అంకె ఓనర్‌కు ఐఆర్‌ఆర్ కన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ముక్కల సంఖ్య ఆయన రోజూ చూసేదే.

ప్రతిపాదన కాగితం మీద ఏం రాయాలి

ఒక పేజీ చాలు. పైన పెట్టుబడి 22 లక్షలు, అందులో ఏమేం కలిశాయో. దాని కింద ఏడాది మిగులు లెక్క, ముక్కకు జాబ్‌వర్క్ రేటుతో సహా. పేబ్యాక్ 3 ఏళ్ల 8 నెలలు అని, డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో తెలియడానికి. ఐఆర్‌ఆర్ 22.8 శాతం అని, పక్కనే లోన్ రేటు 12 శాతం. పాత మిషన్‌ను ఎందుకు వద్దంటున్నారో ఒక వరుసలో: అదనపు 12 లక్షలపై 20.9 శాతం. ఆర్‌ఓఐ తప్పనిసరిగా అడిగేవాళ్లుంటే ఏడాదికి 17 శాతం అని, మొదటి పెట్టుబడి మీద లెక్కించినట్టు. ఆఖరి వరుసలో నెలకు 1,590 ముక్కల గీత.

ఆ గీతకు ఆధారంగా స్లీవులు తీసుకునే కంపెనీ నుంచి రాబోయే రెండు మూడేళ్లకు కొనుగోలు షెడ్యూల్ రాతపూర్వకంగా తెచ్చి జతచేయండి. అది దొరక్కపోతే గత మూడేళ్లలో నెలనెలా పంపిన ముక్కల సంఖ్యను ఇన్‌వాయిసుల నుంచి తీసి పెట్టండి. అందులో 1,590కి దిగువన ఎన్ని నెలలున్నాయో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇస్తే, ఓనర్ అడగబోయే తర్వాతి ప్రశ్న ఆ నెలల గురించే ఉంటుంది.